ఒక్క గోల్ తేడాతో గెలిస్తే?
ఫుట్‌బాల్‌లో యూరోపియన్ హ్యాండిక్యాప్, ఏషియన్ హ్యాండిక్యాప్ ఎక్కడ విడిపోతాయి

2022 నవంబర్ 24న ఖతార్ రాజధాని దోహాలోని స్టేడియం 974లో పోర్చుగల్, ఘనా తలపడ్డాయి. ప్రపంచకప్ గ్రూప్ దశలో రెండు జట్లకూ అదే తొలి మ్యాచ్. మొదటి సగంలో గోల్ పడలేదు. 65వ నిమిషంలో క్రిస్టియానో రొనాల్డో పెనాల్టీని గోల్ చేశాడు. 73వ నిమిషంలో ఘనా కెప్టెన్ ఆండ్రే అయూ స్కోరు సమం చేశాడు. 78వ నిమిషంలో జావో ఫెలిక్స్, 80వ నిమిషంలో రఫాయెల్ లియావ్ వెంటవెంటనే గోల్స్ కొట్టడంతో పోర్చుగల్ 3-1తో ముందుకెళ్లింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 89వ నిమిషంలో ఉస్మాన్ బుకారి తలతో కొట్టిన బంతి వలలో పడింది. 3-2.

ఇంజురీ టైమ్ చివర్లో మరో వింత జరిగింది. పోర్చుగల్ గోల్‌కీపర్ దియోగో కోస్టా బంతిని చేతుల్లోంచి నేల మీద వదిలాడు. వెనకాల ఘనా ఆటగాడు ఇన్యాకీ విలియమ్స్ ఉన్నాడని అతను గమనించలేదు. విలియమ్స్ ఒక్కసారిగా ముందుకు దూకాడు గానీ, సరిగ్గా ఆ క్షణంలో కాలు జారింది. గోల్ పడలేదు. మ్యాచ్ 3-2తోనే ముగిసింది.

టోర్నీ పట్టికలో ఇది పోర్చుగల్‌కు మూడు పాయింట్లు తెచ్చిన గెలుపు, అంతే. కానీ హ్యాండిక్యాప్ లెక్కలో చూస్తే అదే 3-2 ఒకచోట ఓటమి, ఒకచోట డ్రా, ఒకచోట సగం గెలుపు, ఇంకోచోట పెట్టిన డబ్బు వెనక్కి. పోర్చుగల్ మీద ‘-1’ అని పందెం కాసిన ఇద్దరిలో ఒకరు మొత్తం పోగొట్టుకుంటే, ఇంకొకరికి పైసా తగ్గకుండా తిరిగి వచ్చింది. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే అంకె. తేడా అంతా ఆ అంకె ఏ పద్ధతికి చెందినదన్న దాంట్లో ఉంది. ఈ వ్యాసం ఆ తేడా గురించే.

హ్యాండిక్యాప్ ఎందుకు పుట్టింది

ఫుట్‌బాల్ పందేల్లో అన్నిటికన్నా మామూలు రూపానికి మూడు ఫలితాలు: సొంతగడ్డ జట్టు గెలుపు, డ్రా, ఎదుటి జట్టు గెలుపు. తెరల మీద దీన్ని 1X2 అని చూపిస్తారు. రెండు జట్లూ సమఉజ్జీలైతే ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. ఒకటి మరీ బలమైనదైతే దాని మీద ఆడ్స్ బాగా పడిపోతాయి. 1.20 ఆడ్స్ అంటే 100 యూరోలు పెట్టి గెలిచినా లాభం 20 యూరోలే.

అందుకే బలమైన జట్టుకు ముందుగానే కొంత లోటు కట్టి లెక్కించే పద్ధతి వచ్చింది. పరుగు పందెంలో చిన్నవాణ్ని పది అడుగులు ముందు నిలబెట్టినట్టే ఇది. ఆట మామూలుగానే జరుగుతుంది, మైదానంలో ఎవరికీ ఏమీ మారదు. ఆట ముగిశాక తుది స్కోరుకు ఆ లోటునో, ఆ అదనపు గోల్‌నో కలిపి పందెం ఫలితం తేలుస్తారు. పోర్చుగల్ -1 అంటే పోర్చుగల్ కొట్టిన గోల్స్‌లోంచి ఒకటి తీసేయాలి. ఘనా +1 అంటే ఘనా ఖాతాలో ఒకటి కలపాలి. ఇంతవరకూ యూరోపియన్ పద్ధతీ ఏషియన్ పద్ధతీ ఒకటే. లోటు కలిపాక స్కోరు సమమైతే ఏం చేయాలన్న దగ్గర రెండూ విడిపోతాయి.

మూడు దారులు: డ్రా కూడా ఒక ఫలితమే

యూరోపియన్ హ్యాండిక్యాప్ 1X2 పద్ధతిని యథాతథంగా ఉంచుతుంది. ముందు ఒక ఊహా స్కోరు పెట్టి, ఆట అక్కడి నుంచి మొదలైనట్టు భావిస్తుంది. అందుకే చాలాచోట్ల దీన్ని 0:1 అని రాస్తారు. పోర్చుగల్–ఘనా మ్యాచ్‌కు 0:1 అంటే ఘనా ఒక గోల్ ఆధిక్యంతో ఆట మొదలుపెట్టిందని అర్థం. మొదట రాసిన అంకె మొదట పేరున్న జట్టుది. ఇందులో ఎప్పుడూ పూర్తి గోల్స్ మాత్రమే ఉంటాయి, అరలూ పావులూ ఉండవు. అందువల్ల సమానం కావడానికి ఎప్పుడూ అవకాశం ఉంటుంది. ఆ సమానానికి విడిగా ఆడ్స్ ఇస్తారు. దాన్నే హ్యాండిక్యాప్ డ్రా అంటారు.

ఈ మూడింటినీ మామూలు మాటల్లోకి మార్చుకుంటే తికమక ఉండదు. ‘పోర్చుగల్ -1’ గెలవాలంటే పోర్చుగల్ రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గోల్స్ తేడాతో గెలవాలి. ‘హ్యాండిక్యాప్ డ్రా’ గెలవాలంటే పోర్చుగల్ సరిగ్గా ఒకే గోల్ తేడాతో గెలవాలి. ‘ఘనా +1’ గెలవాలంటే అసలు మ్యాచ్ డ్రా కావాలి, లేదా ఘనా గెలవాలి. ఈ మూడింటిలో ఒకటే నిజమవుతుంది. మిగిలిన రెండింటి మీద పెట్టిన డబ్బు పోతుంది. వాపసు అన్న మాటే లేదు.

ఆ రోజు ఆట ఈ మూడు గదుల మధ్య ఎలా తిరిగిందో చూడండి. 0-0గా ఉన్నంతసేపూ ఘనా +1 ముందుంది. రొనాల్డో పెనాల్టీతో లెక్క హ్యాండిక్యాప్ డ్రాకు వచ్చింది. అయూ గోల్‌తో మళ్లీ ఘనా వైపు వెళ్లింది. ఫెలిక్స్ గోల్‌తో తిరిగి డ్రాకు, లియావ్ గోల్‌తో పోర్చుగల్ -1 వైపుకు మారింది. బుకారి గోల్‌తో మరోసారి డ్రా దగ్గరికొచ్చి ఆగింది. విలియమ్స్ కాలు జారకుండా ఉండి ఆ బంతి కూడా వలలో పడి ఉంటే 3-3 అయి, చివరి నిమిషంలో ఘనా +1 గెలిచేది. హ్యాండిక్యాప్ డ్రా మీద పందెం ఎంత సన్నని గీత మీద నిలబడి ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పోర్చుగల్ ఒక గోల్ ఎక్కువ కొట్టినా పోతుంది, ఒకటి తక్కువైనా పోతుంది. దాని మీద ఆడ్స్ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

రెండు దారులు: డ్రాను తీసేయడం

ఏషియన్ హ్యాండిక్యాప్‌లో కాయడానికి రెండే వైపులుంటాయి, ఈ జట్టు లేదా ఆ జట్టు. ఆగ్నేయాసియాలో ముందు నుంచీ వాడుకలో ఉన్న ఈ పద్ధతికి ఇంగ్లిష్‌లో ఈ పేరు 1998లో స్థిరపడింది. సమానమైనప్పుడు ఏం చేయాలన్న దానికి ఇందులో మూడు రకాల లైన్లు మూడు జవాబులిస్తాయి.

మొదటిది అర లైన్: -0.5, -1.5, -2.5 లాంటివి. ఫుట్‌బాల్‌లో అర గోల్ ఉండదు కాబట్టి స్కోరు సమమయ్యే అవకాశమే లేదు. పోర్చుగల్ -0.5 అంటే పోర్చుగల్ గెలిస్తే చాలు. పోర్చుగల్ -1.5 అంటే రెండు గోల్స్ తేడా కావాలి.

రెండోది పూర్తి లైన్: 0, -1, -2 వంటివి. ఇక్కడ సమానం కావచ్చు. అయితే పందెం రద్దై పెట్టిన సొమ్ము తిరిగొస్తుంది. పోర్చుగల్ -1 మీద పెట్టినవాడికి 3-2 ఫలితంతో లాభమూ లేదు, నష్టమూ లేదు. ఘనా +1 మీద పెట్టినవాడికీ అంతే.

మూడోది పావు లైన్: -0.25, -0.75, -1.25 వంటివి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గోల్‌లో పావు వంతు ఏమిటన్న ప్రశ్న వస్తుంది. నిజానికి ఇక్కడ చీలేది గోల్ కాదు, డబ్బు. -0.75 మీద 100 యూరోలు పెడితే అందులో 50 యూరోలు -0.5 లైన్‌కూ, 50 యూరోలు -1 లైన్‌కూ వెళ్తాయి. కొన్ని తెరల మీద దీన్ని -0.5/1 అని కూడా రాస్తారు. అలా రాసినప్పుడు చీలిక నేరుగానే కనిపిస్తుంది.

3-2 ఫలితంతో -0.75 మీద 100 యూరోలు, ఆడ్స్ 1.69 అనుకుందాం. -0.5 సగం గెలిచింది కాబట్టి 50 యూరోలకు 84.50 వస్తుంది. -1 సగం సమమైంది కాబట్టి 50 వెనక్కి వస్తుంది. మొత్తం 134.50. దీన్నే సగం గెలుపు అంటారు. -1.25 మీద పెట్టినవాడి 50 యూరోలు -1కు వెళ్లి తిరిగొస్తాయి, మిగతా 50 యూరోలు -1.5కు వెళ్లి పోతాయి. చేతికి మిగిలేది 50. ఇది సగం ఓటమి.

ఒకే ‘-1’, రెండు ధరలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకే మ్యాచ్‌కు యూరోపియన్ -1 మీద 2.50, ఏషియన్ -1 మీద 1.90 ఆడ్స్ కనిపిస్తే, చూసేవాళ్లకు మొదటిది ఎక్కువ లాభం ఇస్తున్నట్టు అనిపిస్తుంది. అది నిజం కాదు. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఆ రోజు బజారులో ఉన్న ధరలు కావు, ఉదాహరణకు తీసుకున్నవి. ఇలాంటి మ్యాచ్ వందసార్లు ఆడితే పోర్చుగల్ 40 సార్లు రెండు లేదా ఎక్కువ గోల్స్ తేడాతో గెలుస్తుంది. 24 సార్లు సరిగ్గా ఒక గోల్ తేడాతో గెలుస్తుంది. 21 సార్లు మ్యాచ్ డ్రా అవుతుంది. 15 సార్లు ఘనా గెలుస్తుంది.

బుక్‌మేకర్ తన లాభం ఏమీ కలుపుకోకుండా సరైన ధర ఇస్తే, ఆడ్స్ అంటే 100ని ఆ అవకాశంతో భాగించడమే. పోర్చుగల్ -1 యూరోపియన్ ఆడ్స్ 100ని 40తో భాగిస్తే 2.50. హ్యాండిక్యాప్ డ్రాకు 100ని 24తో భాగిస్తే దాదాపు 4.17. ఘనా +1కు 21, 15 కలిపితే 36 కాబట్టి దాదాపు 2.78.

ఏషియన్ -1లో ఆ 24 సార్లు డబ్బు వెనక్కి వస్తుంది కాబట్టి అవి లెక్కలోంచి తప్పుకుంటాయి. మిగిలిన 76 సార్లలో 40 గెలుపులు, 36 ఓటములు. 36 ఓటముల్లో పోయిన సొమ్ము 40 గెలుపుల్లో రావాలంటే ప్రతి గెలుపుకీ నూటికి 90 లాభం చాలు. అందుకే ఆడ్స్ 1.90.

రెండూ ఒకే అవకాశాల పట్టికలోంచి వచ్చాయి. ఏషియన్‌లో ఆడ్స్ తక్కువగా ఉండటం అన్యాయం కాదు, వాపసుకు కట్టిన ధర. దీన్ని రుజువు చేయడం కూడా తేలికే. యూరోపియన్ పద్ధతి మాత్రమే ఉన్నచోట ఒకరు 100 యూరోలను రెండుగా చీల్చారనుకుందాం. 24 యూరోలు హ్యాండిక్యాప్ డ్రా మీద, 76 యూరోలు పోర్చుగల్ -1 మీద పెట్టారు. పోర్చుగల్ ఒక గోల్ తేడాతో గెలిస్తే 24 యూరోలకు 4.17 చొప్పున 100 వస్తుంది. అంటే పెట్టిందంతా వెనక్కి వచ్చినట్టే. పోర్చుగల్ రెండు గోల్స్ తేడాతో గెలిస్తే 76 యూరోలకు 2.50 చొప్పున 190 వస్తుంది. మిగతా ఏ ఫలితం వచ్చినా మొత్తం పోతుంది. ఇది అచ్చంగా 1.90 ఆడ్స్ ఉన్న ఏషియన్ -1.

డ్రా ఎక్కడికీ మాయం కాలేదని ఈ చీలిక చెబుతుంది. యూరోపియన్ హ్యాండిక్యాప్ దాన్ని విడిగా అమ్ముతుంది, ఏషియన్ పూర్తి లైన్ దాన్ని రెండు వైపుల ధరల్లోనూ ముందే కలిపేస్తుంది.

ఒక గోల్ తేడా చుట్టూ నిచ్చెన

ఇదే పట్టికతో ఏషియన్ లైన్లన్నీ వరుసగా పేరిస్తే పోర్చుగల్ మీద సరైన ఆడ్స్ ఇలా వస్తాయి: -0.5కు 1.56, -0.75కు 1.69, -1కు 1.90, -1.25కు 2.20, -1.5కు 2.50. అయిదు మెట్లలోనూ పోర్చుగల్ రెండు గోల్స్ తేడాతో గెలిస్తే పూర్తి గెలుపే, గెలవకపోతే పూర్తి ఓటమే. మారేది ఆ మధ్యలో ఉన్న ఒక్క గోల్ తేడా మాత్రమే. మెట్టు మెట్టుకూ దాని విలువ పూర్తి గెలుపు, సగం గెలుపు, వాపసు, సగం ఓటమి, పూర్తి ఓటమి అవుతుంది. ఆ విలువ తగ్గేకొద్దీ ఆడ్స్ పెరుగుతాయి.

చివరి మెట్టు దగ్గర కాస్త ఆగండి. ఏషియన్ -1.5 ధర 2.50. యూరోపియన్ -1 ధరా 2.50. ఇది యాదృచ్ఛికం కాదు. రెండింటికీ కావలసింది ఒకటే, రెండు గోల్స్ తేడా. పేర్లలో అంకెలు వేరైనా అవి ఒకే పందెం. అటువైపు యూరోపియన్ ఘనా +1, ఏషియన్ ఘనా +0.5 కూడా ఒకటే. రెండూ మ్యాచ్ డ్రా అయినా గెలుస్తాయి. యూరోపియన్ అంకెను ఏషియన్‌లోకి మార్చాలంటే, ఏ జట్టు మీద కాస్తున్నారో ఆ జట్టుకు అర గోల్ కష్టం పెంచాలి. -1 అయితే -1.5, +1 అయితే +0.5, +2 అయితే +1.5. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే రెండు పద్ధతుల మధ్య పొరపాటు చాలావరకు పోతుంది. హ్యాండిక్యాప్ డ్రాకు మాత్రం ఏషియన్‌లో సరిజోడు లేదు. ఫలానా జట్టు సరిగ్గా ఇన్ని గోల్స్ తేడాతోనే గెలుస్తుందన్న పందెం రెండు దారుల్లో ఇమడదు.

అర గోల్‌కు ఇంత విలువ ఎందుకంటే ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. బాస్కెట్‌బాల్‌లో పాయింట్లు వందల్లోకి వెళ్తాయి కాబట్టి ఒక పాయింట్ అటూ ఇటూ అయినా పెద్ద మార్పు ఉండదు. ఫుట్‌బాల్‌లో గోల్స్ తేడా సున్నా, ఒకటి, రెండు దగ్గరే ముసురుకుంటుంది. మన ఉదాహరణలో ఒక గోల్ తేడా గెలుపే దాదాపు నాలుగో వంతు. అంత పెద్ద భాగం లైన్‌కు ఏ వైపున పడుతుందన్నదే ధరను నిర్ణయిస్తుంది. పావు లైన్లు పుట్టిందీ ఇందుకే. -1కీ -1.5కీ మధ్య ధరలో దూరం ఎక్కువ. రెండు వైపులా దాదాపు సమానమైన ధర ఇవ్వాలంటే మధ్యలో ఒక మెట్టు ఉండాలి.

ఏ పద్ధతో ఎలా గుర్తుపట్టాలి

తెర మీద మూడు గళ్లుండి వాటిలో ఒకటి డ్రా అయితే అది యూరోపియన్. రెండే గళ్లుంటే ఏషియన్. అంకెలో .25, .5, .75 కనిపిస్తే అది ఏషియన్ పద్ధతి అనుకోవచ్చు. 0:1, 1:0 లాంటి రాత కనిపిస్తే యూరోపియన్. చిక్కల్లా పూర్తి అంకెలతోనే. ఒంటరిగా -1 అని కనిపిస్తే దాన్నిబట్టి ఏదీ చెప్పలేం. అప్పుడు వెతకాల్సింది డ్రా గడి ఉందా లేదా అని.

రెండో చిక్కు ఆట మధ్యలో కాసే పందేలతో వస్తుంది. ఇక్కడ రెండు పద్ధతులూ సాధారణంగా వేర్వేరు స్కోర్లను లెక్కలోకి తీసుకుంటాయి. యూరోపియన్ హ్యాండిక్యాప్ ఎప్పుడు కాసినా మొత్తం మ్యాచ్ స్కోరు మీదే తేలుతుంది. ఏషియన్ హ్యాండిక్యాప్‌లో పందెం కాసిన క్షణానికి స్కోరును 0-0గా భావించి, ఆ తర్వాత పడే గోల్స్‌నే లెక్కిస్తారు. దోహా మ్యాచ్‌లో 3-1 అయ్యాక, ఉదాహరణకు 85వ నిమిషంలో, ఒకరు ఏషియన్ పద్ధతిలో పోర్చుగల్ -0.5 తీసుకున్నారనుకుందాం. పోర్చుగల్ రెండు గోల్స్ ముందుంది కదా అని వాళ్లకు ధైర్యం. కానీ ఆ క్షణం నుంచి చూస్తే మిగిలిన ఆటలో స్కోరు పోర్చుగల్ 0, ఘనా 1. పోర్చుగల్ మ్యాచ్ గెలిచింది, పందెం పూర్తిగా ఓడింది. ఏషియన్ లైన్ పక్కన అప్పటి స్కోరును చూపించడం ఇందుకోసమే. అది ఆధిక్యాన్ని కలుపుకోమని చెప్పడం లేదు, అక్కడి నుంచి కొత్తగా లెక్కపెట్టమంటోంది.

మూడోది సమయం. నాకౌట్ మ్యాచ్‌లలో కూడా మామూలుగా ఈ రెండు హ్యాండిక్యాప్‌లూ 90 నిమిషాలు, వాటికి కలిపిన ఇంజురీ టైమ్ వరకే వర్తిస్తాయి. అదనపు సమయం, పెనాల్టీ షూటౌట్ లెక్కలోకి రావు. 2022 ప్రపంచకప్ ఫైనల్ ఇందుకు మంచి ఉదాహరణ. అర్జెంటీనా కప్పు గెలిచింది. కానీ 90 నిమిషాలకు ఫ్రాన్స్‌తో 2-2, అదనపు సమయం ముగిసేసరికి 3-3, ఆ తర్వాత షూటౌట్‌లో 4-2. హ్యాండిక్యాప్ లెక్కకు ఆ ఫైనల్ 2-2తో డ్రా అయిన మ్యాచ్. అర్జెంటీనా -0.5 ఓడింది. అర్జెంటీనా 0 లైన్‌లో సొమ్ము వెనక్కి వచ్చింది.

బుక్‌మేకర్ వాటా ఎక్కడ దాగుతుంది

ఇంతవరకూ లాభం కలపని ధరలతో లెక్క చేశాం. నిజమైన బజారులో ప్రతి ధరనూ కాస్త తగ్గించి ఇస్తారు. ఎంత తగ్గించారో తెలుసుకోవాలంటే 100ని ప్రతి ఆడ్స్‌తో భాగించి వచ్చినవాటిని కలపాలి. మొత్తం 100 దాటి ఎంత ఉంటే అదే బుక్‌మేకర్ వాటాకు కొలత.

మన ఉదాహరణకు యూరోపియన్ ధరలు 2.30, 3.80, 2.55 అనుకుందాం. ఒక్కోదానికి దాదాపు 43.5, 26.3, 39.2 వస్తాయి. కలిపితే 109. ఏషియన్ -1కు పోర్చుగల్ 1.86, ఘనా 2.05 అనుకుంటే 53.8, 48.8 కలిపి సుమారు 102.5. ఇవీ ఉదాహరణ కోసం పెట్టిన అంకెలే. అయినా తేడా ఏ దిక్కున ఉంటుందో సరిగ్గానే చూపిస్తాయి. మూడు ఫలితాలున్నచోట వాటాను మూడు ధరల్లో పంచి దాచవచ్చు. పైగా ఎక్కువ ఆడ్స్ ఉన్న గడిలో కొంత కోసినా కంటికి ఆనదు. రెండే వైపులుండి, రెండూ 2.00 దగ్గర తిరుగుతుంటే చిన్న కోత కూడా బయటపడుతుంది. ఏషియన్ లైన్ల మీద పెద్ద మొత్తాలు కదులుతాయి, పోటీ గట్టిగా ఉంటుంది. అందువల్ల అక్కడ వాటా సాధారణంగా తక్కువ.

ఇందాకటి చీల్చే పద్ధతినే ఈ ధరలకు పెడితే తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. హ్యాండిక్యాప్ డ్రా 3.80 దగ్గర ఉంటే 100 తిరిగి రావడానికి 26.30 యూరోలు దాని మీద పెట్టాలి. మిగిలిన 73.70 యూరోలకు 2.30 చొప్పున దాదాపు 169.50 వస్తుంది. అంటే మూడు దారుల ధరలతో కూర్చుకున్న ఏషియన్ -1 ఆడ్స్ 1.70 కూడా లేదు. అదే పందెం నేరుగా ఏషియన్‌లో 1.86కు దొరుకుతోంది. పేరు వేరైనంత మాత్రాన ఒకే వస్తువుకు ఇంత తేడా ఉండవచ్చు. ధరల్ని పోల్చాలంటే రెండింటినీ ముందు ఇలా ఒకే రూపంలోకి తేవాలి.

అయితే వాటా తక్కువ కావడానికీ లాభం రావడానికీ సంబంధం లేదు. మన పట్టిక ప్రకారం పోర్చుగల్ -1 మీద యూరోపియన్ 2.30 దగ్గర పదేపదే పెట్టేవాళ్లు ప్రతి 100 యూరోలకూ సగటున 8 పోగొట్టుకుంటారు. ఏషియన్ 1.86 దగ్గర పెట్టేవాళ్లు 1.60 పోగొట్టుకుంటారు. వాపసులూ సగం ఓటములూ ఉండటం వల్ల డబ్బు తరిగే వేగం తగ్గుతుంది, తరిగే దిక్కు మారదు. చిన్న నష్టాలతో ఎక్కువ సేపు కూర్చోబెట్టే గుణం కూడా ఈ పద్ధతికి ఉంది. సగం డబ్బు తిరిగొచ్చింది కదా అని అదే సొమ్మును మళ్లీ పెట్టేవాళ్ల మీద ఆ చిన్న వాటా మళ్లీ మళ్లీ పడుతుంది.

బ్రిటన్ లాంటి దేశాల్లో లైసెన్సు ఉన్న బుక్‌మేకర్లు ఈ రెండు పద్ధతుల్నీ చట్టబద్ధంగానే నడుపుతారు. అక్కడ ఉండే తెలుగువాళ్లకు ఈ ధరలు తరచూ కంటపడతాయి. మన దగ్గర పరిస్థితి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నడపడాన్నీ, వాటికి ప్రకటనలివ్వడాన్నీ, చెల్లింపులు జరపడాన్నీ నేరంగా ప్రకటించింది. ‘మ్యాచ్ డ్రా అయినా మీ డబ్బు భద్రం’ అంటూ ఫోన్‌కు వచ్చే సందేశం చాలావరకు ఏషియన్ 0 లైన్ గురించే చెబుతుంది. ఆ భద్రతకు కట్టాల్సిన ధర అందులోని ఆడ్స్‌లో ముందే కోసేసి ఉంటుందని ఇప్పుడు మీకు తెలుసు. ఆ సందేశం పంపినవాళ్లు ఇక్కడి చట్టానికి బయట ఉన్నవాళ్లని కూడా తెలిసి ఉండాలి. అలాంటిచోట పందెం గెలిచినా డబ్బు ఇప్పించమని అడగడానికి చోటుండదు.